ఒకే పార్టీ మీద నడిచే యూనిట్: రేణిగుంట అట్టపెట్టెల లెక్క

రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ లెక్కలను కొన్నేళ్లుగా నేను చూస్తున్నాను. నెలకు సుమారు 40 లక్షల రూపాయల అమ్మకం ఉండేది. అందులో 30 లక్షల సరుకు తిరుపతి చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక పెద్ద కర్మాగారానికి వెళ్లేది, మిగిలిన 10 లక్షలు తొమ్మిది చిన్న పార్టీలు కలిసి కొనేవి. యూనిట్‌ను ఎవరూ గుర్తుపట్టకూడదని అంకెలను గుండ్రం చేశాను గాని, వాటి మధ్య ఉన్న నిష్పత్తులను మార్చలేదు.

ఒకరోజు ఆ కర్మాగారంలో సరుకు దించడానికి వెళ్లిన డ్రైవరు, లోపల ఒక లైనులో అట్టపెట్టెలకు బదులు మళ్లీ మళ్లీ వాడుకునే ప్లాస్టిక్ క్రేట్లు పెట్టి చూస్తున్నారని చెప్పాడు. కొనుగోలు విభాగం నుంచి ఎవరూ ఆ మాట చెప్పలేదు. ఆ సాయంత్రం యజమాని నా దగ్గరికి వచ్చి, "సార్, వాళ్లు ఆపేస్తే మనం ఎన్ని నెలలు నిలబడతాం, లెక్క తీసి చెప్పండి" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకబోయి మేము తెలుసుకున్నదంతా ఈ వ్యాసంలో ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పెద్ద పరిశ్రమలకు అట్టలు, విడిభాగాలు, ప్లాస్టిక్ మూతలు, యూనిఫారాలు, భోజనం సరఫరా చేసే చిన్న సంస్థలలో చాలావాటి పరిస్థితి ఇదే కనుక, లెక్క వేసిన పద్ధతిని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అమ్మకంలో వాటా చూస్తే అసలు సంగతి కనబడదు

ఒక పార్టీ మీద ఎంత ఆధారపడ్డామని అడిగితే అందరూ అమ్మకంలో శాతం చెబుతారు. ఈ యూనిట్‌లో అది 75 శాతం. కాని ఆ 75 శాతం చూసి, పార్టీ పోతే నెలకు 30 లక్షల అమ్మకాన్ని మరోచోట సంపాదించుకోవాలని అనుకుంటే గుండె జారిపోతుంది, ఆ పని జన్మలో కాదనిపిస్తుంది. నిజానికి సంపాదించుకోవలసింది అంత లేదు. దాన్ని చూడాలంటే అమ్మకాన్ని పక్కన పెట్టి మిగులును లెక్కించాలి. ఇక్కడ మిగులు అంటే లాభం కాదు. ఒక పెట్టె అమ్మితే వచ్చిన డబ్బులోంచి ఆ పెట్టె కోసమే అయిన ఖర్చులు, అంటే క్రాఫ్ట్ పేపరు, గంజి, ఇంకు, కుట్టే తీగ, పీసు లెక్కన ఇచ్చే కూలి, రవాణా తీసేస్తే చేతిలో ఉండేది మిగులు. షెడ్డు అద్దె, నెల జీతాలు, బ్యాంకు వాయిదా, కరెంటు కనీస చార్జీ వంటి స్థిర ఖర్చులన్నీ ఈ మిగులులోంచే కట్టాలి. ఆ పైన ఏమైనా ఉంటే అది లాభం.

పెద్ద పార్టీ రేటును పిండి పిండి కొంటుంది కనుక అక్కడ మిగులు 16 శాతమే, అంటే 30 లక్షల మీద 4 లక్షల 80 వేలు. చిన్న పార్టీల మీద మిగులు 24 శాతం, అంటే 10 లక్షల మీద 2 లక్షల 40 వేలు. రెండూ కలిపి 7 లక్షల 20 వేలు. స్థిర ఖర్చులు 5 లక్షల 40 వేలు పోగా నెలకు 1 లక్ష 80 వేలు లాభంగా నిలిచేది.

ఇప్పుడు పెద్ద పార్టీ పూర్తిగా పోయిందనుకుందాం. చేతిలో 2 లక్షల 40 వేల మిగులు ఉంటుంది, కట్టవలసింది 5 లక్షల 40 వేలు. నెలకు 3 లక్షల నష్టం. ఈ నష్టం రాకుండా ఉండాలంటే 24 శాతం మిగులు వచ్చే అమ్మకం 22 లక్షల 50 వేలు ఉండాలి, అంటే ఇప్పుడున్న 10 లక్షలకు మరో 12 లక్షల 50 వేలు చేర్చాలి. అంతటితో ఆగకుండా స్థిర ఖర్చుల జాబితాను ఒక్కో పద్దు చొప్పున చూశాం. రెండో గోడౌను అద్దె, రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు జీతం, నెలవారీ బాడుగకు పెట్టుకున్న రెండో లారీ, ఇవన్నీ పెద్ద పార్టీ కోసమే ఉన్నాయి. ఆ పార్టీ పోతే రెండు మూడు నెలల్లో ఇవీ పోతాయి. అవి 1 లక్ష 40 వేలు. అప్పుడు స్థిర ఖర్చు 4 లక్షలకు దిగుతుంది, దాన్ని మోయడానికి దాదాపు 16 లక్షల 70 వేల అమ్మకం చాలు. అంటే కొత్తగా సంపాదించవలసింది 30 లక్షలు కాదు, 6 లక్షల 70 వేలు.

ఈ ఒక్క అంకె మా ఆలోచనను మార్చింది. లక్ష్యం పెద్ద పార్టీని వదిలించుకోవడం కాదు, దాని స్థానంలో ఇంకో పెద్ద పార్టీని తెచ్చుకోవడమూ కాదు. అది లేకపోయినా షెడ్డు తాళం పడకుండా ఉండే స్థాయికి మిగతా అమ్మకాన్ని తీసుకురావడమే లక్ష్యం. ఆ స్థాయి దాటిన తరువాత పెద్ద పార్టీ 60 శాతం ఉన్నా భయపడనవసరం లేదు. ఆ స్థాయికి రాకపోతే, 40 శాతం ఉన్నా ప్రమాదమే.

డబ్బు ముడి అమ్మకం ముడి కంటే గట్టిది

ఆర్డరు ఆగితే మూడు నెలల్లో ఇబ్బంది మొదలవుతుందని యజమాని అనుకున్నారు. బ్యాంకు కాగితాలు చూశాక అంత సమయం కూడా ఉండదని తేలింది. కాగితం మీద ఒప్పందం ఎలా ఉన్నా, పెద్ద పార్టీ నుంచి డబ్బు రావడానికి ఆచరణలో 60 రోజులు పడుతుంది. అంటే ఎప్పుడు చూసినా ఆ ఒక్క పార్టీ దగ్గరే 60 లక్షలు ఉంటాయి. చిన్న పార్టీల దగ్గర 8 లక్షలు, షెడ్డులో కాగితం రీళ్లు, తయారైన పెట్టెలు కలిపి 15 లక్షలు, కాగితం మిల్లులకు మనం ఇవ్వవలసింది 12 లక్షలు. జీఎస్‌టీని లెక్క తేలికగా ఉండడం కోసం వదిలేశాను గాని, అదీ చిన్న బరువేమీ కాదు. పార్టీ దగ్గర డబ్బు వచ్చినా రాకపోయినా, బిల్లు వేసిన తరువాతి నెలలోనే పన్ను కట్టాలి.

ఈ యూనిట్‌కు బ్యాంకులో 50 లక్షల క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి ఉంది. పరిమితి 50 లక్షలైనా, ఏ నెలలో ఎంత వాడుకోవచ్చనేది స్టాకును, రావలసిన బాకీలను చూసి బ్యాంకు నిర్ణయిస్తుంది. స్టాకుకు బాకీలు కలిపి, మనం ఇవ్వవలసింది తీసేసి, సాధారణంగా నాలుగో వంతు మార్జిన్ పట్టుకుంటారు. ఆ లెక్కన 71 లక్షల మీద 53 లక్షల దాకా వస్తుంది కనుక 50 లక్షల పరిమితిని పూర్తిగా వాడుకోవచ్చు, వాడుకుంటున్నారు కూడా. అయితే 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు మామూలుగా ఈ లెక్కలోకి తీసుకోవు. పెద్ద పార్టీ ఆర్డరు ఆపడంతో పాటు పాత బిల్లుల చెల్లింపును ఏదో నాణ్యత వివాదం పేరుతో నిలిపివేస్తే, నెల తిరిగినప్పటి నుంచే ఆ 60 లక్షలు కొంచెం కొంచెంగా లెక్కలోంచి జారుతూ, మూడు నెలలు తిరిగేసరికి పూర్తిగా పోతాయి. అప్పుడు 15 లక్షల స్టాకుకు 8 లక్షల బాకీలు కలిపి, 12 లక్షలు తీసేస్తే 11 లక్షలు. దాంట్లో ముప్పాతిక వంతు, అంటే 8 లక్షల పైచిలుకు మాత్రమే వాడుకునే అర్హత ఉంటుంది, వాడుకున్నది 50 లక్షలు. తేడా 42 లక్షలు తెచ్చి కట్టాలి. కట్టలేక ఖాతా 90 రోజులకు మించి అలాగే ఉండిపోతే మొండి బాకీ కింద పడుతుంది. ఆ స్టాకులో కూడా సగం పెట్టెల మీద పెద్ద పార్టీ పేరు అచ్చయి ఉంటుంది, ఇంకెవరికీ అమ్మలేం, చిత్తుకాగితం ధరకు తూకం వేయవలసిందే.

కాబట్టి కొత్త పార్టీల కోసం తిరగడానికి ముందు చేయవలసిన పని ఈ 60 రోజులను తగ్గించడం. దీనికి చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఆ గడువు ఎలా ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. కాని నెలకు 30 లక్షల ఆర్డరు ఇచ్చే పార్టీ మీద ఫిర్యాదు ఇచ్చే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఈ చట్టం ఇచ్చే హక్కును వాడుకోవాలంటే ముందుగా ఆ పార్టీ మీద ఆధారపడకుండా ఉండాలి, నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించే విషయం అదే.

ఫిర్యాదు అవసరం లేకుండా పనిచేసేది ఆదాయపు పన్ను నిబంధన. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. దీని ఒత్తిడి మనం పెట్టనవసరం లేదు, వాళ్ల ఆడిటరే పెడతాడు. మనం చేయవలసిందల్లా చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తయారీదారుగా చేయించుకుని, ఆ నంబరును ప్రతి బిల్లు మీద అచ్చువేసి, సర్టిఫికెట్టు కాపీని వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఉత్తరంతో పంపి, అందినట్టు ముద్ర వేయించుకోవడం. దీనికి ఒక పరిమితి ఉంది. ఆలస్యంగానైనా మార్చి 31 లోపల చెల్లిస్తే ఆ ఏడాది ఖర్చు చెల్లుబాటు అవుతుంది కనుక, ఈ ఒత్తిడి జనవరి నుంచి మార్చి వరకే బాగా పనిచేస్తుంది. జూన్‌లో పెద్దగా ఉపయోగపడదు.

మూడో దారి ట్రెడ్స్ అనే బిల్లుల వేదిక. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ఈ వేదికలో మన బిల్లును కొనుగోలుదారు ఒప్పుకుంటే, బ్యాంకులు పోటీపడి కొంత తగ్గింపుతో మనకు వెంటనే డబ్బు ఇస్తాయి, గడువుకు కొనుగోలుదారు దగ్గర వసూలు చేసుకుంటాయి. వాళ్లు ఎగ్గొట్టినా బ్యాంకు మన మీదికి రాదు, ఇక్కడ ముఖ్యమైన మాట అదే. 250 కోట్లకు పైగా టర్నోవరు ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 నాటికి ఇందులో నమోదు కావాలని కేంద్రం ఆదేశించింది. నమోదైనంత మాత్రాన ప్రతి బిల్లును అందులో పెట్టాలని లేదు కనుక అడగాలి, మళ్లీ అడగాలి. మా యజమాని నాలుగు నెలలు అడిగితే సగం బిల్లులకు ఒప్పుకున్నారు.

చిన్న పార్టీలు ఎందుకు నిలవడం లేదో మెషిన్ గంటలు చెప్పాయి

గత మూడేళ్లలో ఈ యూనిట్‌కు ఇరవైకి పైగా కొత్త పార్టీలు వచ్చాయి. ఒక్కొక్కరు రెండు మూడు ఆర్డర్లు ఇచ్చి వెళ్లిపోయారు. మార్కెటింగ్ మనిషి లేడు కాబట్టి పెరగలేదని యజమాని నమ్మకం. వెళ్లిపోయినవారిలో ఏడుగురికి ఫోన్ చేసి అడిగితే ఐదుగురు ఒకే మాట చెప్పారు: "చెప్పిన తేదీకి సరుకు ఇవ్వరు."

కారణం ప్రింటింగ్, స్లాటింగ్ మెషిన్ దగ్గర ఉంది. రెండు షిఫ్టుల్లో నెలకు 400 గంటలు నడిచే ఆ మెషిన్ మీద 280 గంటలు పెద్ద పార్టీవే, చిన్న పార్టీలవి 120 గంటలు. ఖాళీ గంట ఒక్కటీ లేదు. పెద్ద పార్టీ నుంచి అర్జెంటు షెడ్యూల్ వచ్చిన ప్రతిసారీ చిన్న పార్టీ పని పక్కకు పోతుంది, అట్ట అతికించి సిద్ధంగా ఉన్నా ప్రింటింగ్‌కు వారం ఆగాలి. అలా ఆగినవాడు తరువాతి ఆర్డరు చెన్నై నుంచి తెప్పించుకుంటాడు. పార్టీ పోయింది గనుక మళ్లీ పెద్ద పార్టీయే దిక్కు. ఆధారపడడం ఇలా తనను తానే పెంచుకుంటూ పోతుంది.

దీనికి మేము చేసిన పని ఒకటే. వారంలో మంగళ, శుక్ర వారాలను చిన్న పార్టీల రోజులుగా గోడ మీద రాసిపెట్టాం, ఆ రెండు రోజులు మెషిన్ మీదికి పెద్ద పార్టీ అచ్చు బ్లాకు ఎక్కకూడదు. చెప్పడం తేలిక గాని, మొదటి రెండు నెలల్లో ఐదుసార్లు ఆ నియమం తప్పింది. తరువాత పెద్ద పార్టీకి ఎక్కువగా పోయే నాలుగు సైజుల పెట్టెలను వారం రోజులకు సరిపడా ముందే తయారుచేసి పెట్టుకోవడం మొదలుపెట్టాక అర్జెంటు ఫోన్లు తగ్గాయి. ఆ నిల్వను ఊరికే పెట్టుకోకూడదు. ఎప్పటికప్పుడు ఆ సరుకును తప్పక తీసుకుంటామనే మాటను రేటు ఒప్పందంలో రాయించుకున్న తరువాతే పెట్టుకోవాలి, లేకపోతే పైన చెప్పిన తూకపు సరుకు ఇంకా పెరుగుతుంది.

రేటు నిర్ణయించడానికి కూడా ఈ గంటలే కొలబద్ద. పెద్ద పార్టీ పని మీద గంటకు వచ్చే మిగులు 4 లక్షల 80 వేలను 280తో భాగిస్తే సుమారు 1,714 రూపాయలు. చిన్న పార్టీల మీద 2 లక్షల 40 వేలను 120తో భాగిస్తే 2,000 రూపాయలు. కొత్త ఆర్డరు ఏదైనా గంటకు 1,714 కంటే తక్కువ ఇస్తే అది తీసుకుని పెద్ద పార్టీ పనిని ఆపడంలో అర్థం లేదు. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మారి, పాత ఇంకు కడిగి, కొత్త బ్లాకు అతికించి, కొలతలు సరిచూసుకోవడానికి ఈ మెషిన్ మీద 40 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత గంటకు 1,200 పెట్టెలు నడుస్తాయి. ఒక స్వీట్ల తయారీదారు 300 పెట్టెలు అడిగాడు, పెట్టె 30 రూపాయలు, మిగులు 7 రూపాయలు. నడిచేది 15 నిమిషాలే అయినా మార్పుతో కలిపి 55 నిమిషాలు. 2,100 రూపాయల మిగులును గంటకు లెక్క కడితే దాదాపు 2,290 వస్తుంది, తీసుకోవచ్చు. అదే పెట్టెను పెద్ద పార్టీకి ఇచ్చే శాతానికే ఇస్తే మిగులు దాదాపు 4 రూపాయల 38 పైసలు, గంటకు సుమారు 1,430 మాత్రమే. "వాళ్లకిచ్చే రేటే మాకూ ఇవ్వండి" అన్నవారికి ఎందుకు ఇవ్వలేమో ఈ లెక్క చూపి చెప్పవచ్చు. ఇంకొకరు 100 పెట్టెలు అడిగితే 45 నిమిషాలకు 700 రూపాయలు, గంటకు 933. అటువంటివారికి అచ్చు లేని సాదా పెట్టెలను మామూలు సైజుల్లో అమ్మి, పేరున్న స్టిక్కరు వాళ్లనే అంటించుకోమన్నాం.

మూడు మామిడి పార్టీలు ఒక్క పార్టీయే

చిత్తూరు జిల్లాలో అట్టపెట్టెలు అమ్ముతామంటే మొదట గుర్తొచ్చేది మామిడి గుజ్జు పరిశ్రమ. 3.1 కిలోల డబ్బాలు ఆరేసి చొప్పున పట్టే పెట్టెలకు వేసవిలో గిరాకీ ఎక్కువ. మా యజమాని కూడా మొదట మూడు గుజ్జు ఫ్యాక్టరీలను పట్టుకుందామన్నారు. వద్దని నేను చాలాసేపు వాదించాను. ఆ మూడూ కొనేది ఒకే తోతాపురి పంట, అమ్మేది ఎక్కువగా ఒకే ఎగుమతి మార్కెట్లో, సరుకు తీసేది ఒకే సీజన్‌లో. 2025లో ఏం జరిగిందో అందరూ చూశారు. పాత గుజ్జు నిల్వలు కదలక ఫ్యాక్టరీలు కొనుగోలుకు వెనుకాడితే, తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. అటువంటి ఏడాది మూడు ఫ్యాక్టరీలూ ఒకేసారి పెట్టెలు తగ్గిస్తాయి, ఒకేసారి బిల్లులు ఆలస్యం చేస్తాయి. కాగితం మీద మూడు పేర్లున్నా ఆధారపడడం మాత్రం ఒక్కదాని మీదే.

అందువల్ల పార్టీలను పేర్లతో కాక, వాళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఎంచుకున్నాం. ఒక గుజ్జు ఫ్యాక్టరీని మాత్రం ఉంచుకుని, నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల బట్టలు పంపే ఇద్దరు వ్యాపారులను, కోడిపిల్లల పెట్టెలు తీసుకునే ఒక హేచరీని, నెయ్యి, స్వీట్లు ప్యాక్ చేసే ఇద్దరిని తెచ్చుకున్నాం. కోడిపిల్లల పెట్టెకు గాలి రంధ్రాలు గుద్దాలి గనుక డై ఖర్చు ఉంటుంది, ఆ డై డబ్బు హేచరీ దగ్గరే ముందుగా తీసుకున్నాం. దూరం విషయంలో ఒక గీత గీసుకోక తప్పదు. అట్టపెట్టె బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. మడత పెట్టి పంపినా లారీ నిండేసరికి అందులో విలువ పెద్దగా ఉండదు. అందుకని వెళ్లిన లారీ అదే రోజు తిరిగి వచ్చే దూరాన్ని మించి ఒప్పుకోలేదు.

చిన్న పార్టీలతో ఉన్న అసలు భయం అప్పు. పెద్ద పార్టీ ఆలస్యం చేస్తుంది గాని, ఎగ్గొట్టడం అరుదు. చిన్నవాడు దుకాణం మూసి వెళ్లిపోవచ్చు. లక్ష రూపాయల బిల్లు మునిగితే మన చేతి నుంచి పోయేది 76 వేల ఖర్చు. 24 శాతం మిగులుతో ఆ 76 వేలు మళ్లీ సంపాదించాలంటే 3 లక్షల 17 వేల అమ్మకం చేయాలి. అందుకే మొదటి మూడు ఆర్డర్లు సగం అడ్వాన్సు, మిగతా సగం సరుకు దించినప్పుడు. ఆ తరువాత 21 రోజుల అప్పు, పాత బిల్లు తీరకుండా కొత్త ఆర్డరు మెషిన్ ఎక్కదు. ఇద్దరు ఈ షరతుకు ఒప్పుకోక వెళ్లిపోయారు.

పెద్ద పార్టీతో మాట్లాడే తీరు మారింది

ఎనిమిది నెలలు గడిచి చిన్న పార్టీల అమ్మకం 13 లక్షలకు చేరిన సమయంలో, పెద్ద పార్టీ కొనుగోలు విభాగం ఒక రకం పెట్టెల మీద 4 శాతం రేటు తగ్గించమని అడిగింది. ఆ పెట్టెల అమ్మకం నెలకు 8 లక్షలు. నాలుగు శాతమే కదా అని అంతకు ముందైతే ఒప్పుకునేవారు, అటువంటి కోతలకు రెండుసార్లు ఒప్పుకున్నారు కూడా. కాని 16 శాతం మిగులులో 4 శాతం పోవడం అంటే మిగులులో నాలుగో వంతు పోవడం. 8 లక్షల మీద 1 లక్ష 28 వేలుగా ఉన్న మిగులు 96 వేలకు దిగుతుంది. ఆ పెట్టెలకు 75 మెషిన్ గంటలు పడుతున్నాయి కనుక గంటకు 1,280 రూపాయలు. మంగళ, శుక్ర వారాల్లో చోటు చాలక బయట ఆగి ఉన్న పని గంటకు 2,000 ఇస్తోంది.

యజమాని ఆ రకం మాత్రం వదులుకుంటామని, మూడు నెలల్లో వేరే సరఫరాదారును చూసుకోవడానికి సహకరిస్తామని, మిగతా సరుకు ఎప్పటిలాగే ఇస్తామని ఉత్తరం రాశారు. కోపం వస్తుందేమోనని వారం రోజులు నిద్రపోలేదు. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. పెద్ద సంస్థల్లో కొనుగోలు విభాగానికి ఏటా ఇంత ఆదా చూపాలనే లెక్క ఉంటుంది, అది ఎక్కడో ఒకచోట తీరితే చాలు. ఆ బేరం ముగిశాక రేటు ఒప్పందంలో మరో రెండు మాటలు రాయించుకున్నాం. క్రాఫ్ట్ పేపరు ధర 5 శాతానికి మించి మారితే రేటు కూడా మారాలి. ఆర్డరు సగానికి మించి తగ్గించదలిస్తే 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇటువంటి షరతులను అడగడానికి మంచి సమయం వాళ్ల నాణ్యత తనిఖీలో మనకు మంచి మార్కులు వచ్చిన వారం. రేటు కోత బేరం మధ్యలో అడిగితే ఒప్పుకోరు.

వాళ్లు ఒకసారి మాత్రం ఒక కొత్త ఆటోమేటిక్ డై కటింగ్ మెషిన్ పెట్టమని, పని మేమే ఇస్తామని నోటిమాటగా చెప్పారు. 22 లక్షల మెషిన్, ఐదేళ్ల వాయిదాలు. ఆ సైజు పని ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. వాయిదాలు ఐదేళ్లు, పని హామీ 90 రోజులు. ఆ రెండింటి మధ్య దూరమంతా యజమాని ఇల్లే పూచీ పడాలి. ఏడాదికి ఇంత సరుకు తీసుకుంటామని రాసిస్తే పెడతామన్నాం, వాళ్లు రాసివ్వలేదు, మేము పెట్టలేదు.

పద్నాలుగు నెలల తరువాత లెక్క ఇలా ఉంది. పెద్ద పార్టీ అమ్మకం 22 లక్షలు, మిగతావాళ్లది 17 లక్షలు, అంటే పెద్ద పార్టీ వాటా 56 శాతం. ఆర్డర్లు చూసుకోవడానికి, వసూళ్లకు తిరగడానికి 25 వేల జీతంతో ఒక అబ్బాయిని పెట్టుకున్నాం కనుక స్థిర ఖర్చు 5 లక్షల 65 వేలు అయింది. మిగులు 3 లక్షల 52 వేలు, 4 లక్షల 8 వేలు కలిపి 7 లక్షల 60 వేలు. లాభం 1 లక్ష 95 వేలు. ఇంత కష్టపడితే నెలకు 15 వేలే పెరిగిందా అని యజమాని భార్య అడిగారు, ఆమె అడగడంలో న్యాయం ఉంది. లాభం పెరగడం కోసమే ఈ పని మొదలుపెడితే ఎవరైనా మధ్యలో వదిలేస్తారు. మారింది ఇంకోచోట. పెద్ద పార్టీ దగ్గర ఉండే బాకీ 60 లక్షల నుంచి, ట్రెడ్స్‌లో పెట్టిన బిల్లులు పోగా 25 లక్షల లోపలికి వచ్చింది. క్యాష్ క్రెడిట్‌లో 50కి 50 వాడుకునే యూనిట్ ఇప్పుడు 30 దాటడం లేదు.

ఆ పార్టీ పూర్తిగా పోతే నిలబడడానికి కావలసిన అమ్మకం, కొత్త జీతం కలిపితే, 16 లక్షల 70 వేల నుంచి 17 లక్షల 70 వేలకు పెరిగింది. ఇంకా 70 వేలు తక్కువ ఉంది. ప్లాస్టిక్ క్రేట్లు ఆ ఒక్క లైనులోనే ఆగాయా, రెండో లైనుకు వస్తున్నాయా అని డ్రైవరు ప్రతి ట్రిప్పులో చూసి వస్తున్నాడు. యజమాని ఈ నెలలో శ్రీకాళహస్తి వైపు ఇద్దరిని కలవబోతున్నారు, బుధవారం సగం షిఫ్టును కూడా చిన్న పార్టీలకు ఇవ్వవచ్చా అని మెషిన్ గంటల పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్లారు.